ఎన్ఏవీ రాలేదా, నిన్నటిదే మళ్ళీ వచ్చిందా?

నా మ్యూచువల్ ఫండ్ల లెక్క రెండు నెలల పాటు సరిగ్గా ఒక రోజు వెనకబడి నడిచింది. ఆ రెండు నెలల్లో ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. గ్రాఫు పెరుగుతూ తగ్గుతూ మామూలుగానే కదిలింది. రోజువారీ మొత్తం రాత్రి తొమ్మిదిలోపే మెయిల్‌లో పడుతూ వచ్చింది. ఎంత నమ్మకంగా ఉందంటే, ఆ ప్రోగ్రామ్ రాసిన సంగతే నేను మర్చిపోయాను.

అది చేసే పని చిన్నదే. రాత్రి ఎనిమిదింటికి లేచి, అన్ని ఫండ్ల తాజా ఎన్ఏవీలు, అంటే ఒక్కో యూనిట్ విలువలు, ఉన్న ఫైలు తెచ్చుకుంటుంది. నాకు కావలసిన ఫండ్ల విలువలు తీసి, పక్కన ఆ రోజు తేదీ వేసి టేబుల్లో రాసుకుంటుంది. ఫైలు రాకపోతే పది నిమిషాలు ఆగి మళ్ళీ అడుగుతుంది. వచ్చేదాకా అడుగుతూనే ఉంటుంది. "ఎన్ఏవీలు ఒక్కోసారి లేటుగా వస్తాయి కాబట్టి మళ్ళీ మళ్ళీ అడిగేలా రాశాను" అని అప్పట్లో గొప్పగా కూడా చెప్పుకున్నాను.

అసలు తప్పు ఆ మాటలోనే ఉంది. లేటైనప్పుడు ఫైలు రాకుండా ఉండదు, అందులో ఫండ్ వరుస ఖాళీగానూ ఉండదు. నిన్నటి అంకె అక్కడే కూర్చుని ఉంటుంది. మనం అడగగానే సర్వర్ అంతా సవ్యమే అన్న అర్థంలో 200 అని జవాబిచ్చి, మర్యాదగా నిన్నటి విలువ చేతిలో పెడుతుంది. ప్రోగ్రామ్ దృష్టిలో పని అయిపోయినట్టే. "అంకె కనబడేదాకా అడుగు" అని రాస్తే మొదటి అడుగుడులోనే అంకె కనబడుతుంది, కాకపోతే అది వేరే రోజుది.

ఇది బయటపడింది ఒక కొనుగోలు వల్ల. అర్థం కావడానికి తేలికగా ఉండేలా తేదీలు, అంకెలు మార్చి చెబుతున్నాను, నిష్పత్తి మాత్రం అదే. శుక్రవారం ఒక ఫండ్ ఎన్ఏవీ 41.2360. సోమవారం మార్కెట్ బాగా పెరగడంతో ఆ రోజు ఎన్ఏవీ 42.0607 అయింది, అంటే 2 శాతం ఎక్కువ. కానీ ఆ అంకె బయటికొచ్చింది సోమవారం రాత్రి పదిన్నర దాటాక. నా ప్రోగ్రామ్ ఎనిమిదింటికే వెళ్ళి, అక్కడున్న 41.2360 తెచ్చి, దానికి సోమవారం తేదీ వేసింది. మంగళవారం ఎనిమిదింటికి వెళ్ళి 42.0607 తెచ్చి మంగళవారం తేదీ వేసింది. అలా ప్రతి అంకె ఒక గది పక్కకు జరిగి కూర్చుంది.

సోమవారం నాడు ఆ ఫండ్‌లో ఖర్చులు పోగా 10,000 పెట్టాను. నా టేబుల్ ప్రకారం 10,000ని 41.2360తో భాగిస్తే 242.507 యూనిట్లు రావాలి. ఫండ్ వాళ్ళు పంపిన స్టేట్‌మెంట్‌లో 237.752 ఉన్నాయి. నాలుగు ముప్పాతిక యూనిట్లకు పైగా తేడా. మొదట వాళ్ళ మీదే అనుమానపడ్డాను, దాచుకోవడం ఎందుకు. ఫిర్యాదు రాయడానికి కూర్చుని, రుజువు కోసం స్టేట్‌మెంట్‌లోని ఎన్ఏవీని నా టేబుల్లో వెతికితే అది మంగళవారం గదిలో కనబడింది. ఇంకో పాత కొనుగోలు తీసి చూస్తే అక్కడా ఒక రోజు తేడానే. ఫిర్యాదు మూసేసి నా కోడ్ తెరిచాను.

ఇలా తేదీలు పక్కకు జరగడం మీ దగ్గర ఉందో లేదో చూసుకోవడానికి స్టేట్‌మెంట్ దాకా ఆగనక్కర్లేదు. ఒక ఇండెక్స్ ఫండ్ తీసుకుని, మీ టేబుల్లో దాని రోజువారీ పెరుగుదల శాతాన్ని ఆ ఇండెక్స్ పెరుగుదల పక్కన పెట్టండి. ఒక ఇరవై రోజులు చాలు. అదే రోజుతో దాదాపు కలిస్తే టేబుల్ బాగున్నట్టు. అదే రోజుతో కలవకుండా, ముందు రోజు ఇండెక్స్ పెరుగుదలతో చక్కగా కలిసిపోతుంటే మీ తేదీలు జరిగాయి. గ్రాఫు చూస్తే ఇది ఎప్పటికీ కనబడదు. మొత్తం బొమ్మ ఒక రోజు కుడికి జరిగినా ఆకారం మారదు కదా.

మందు కూడా ఆ ఫైల్లోనే ఉంది, నేనే చూడలేదు. ఎన్ఏవీ ఇచ్చే మూలాల్లో చాలావాటిలో విలువ పక్కన తేదీ ఉంటుంది. ఉదాహరణకు భారతదేశంలో ఫండ్ సంస్థల సంఘం ఆంఫీ పెట్టే `NAVAll.txt` చూడండి. అది సెమీకోలన్లతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు. ఒక్కో వరుసలో స్కీమ్ కోడ్, గుర్తింపు సంఖ్యలు, పేరు, ఎన్ఏవీ, చివర తేదీ ఉంటాయి. నమూనాకు ఒక వరుస:

```
999999;-;-;Sample Fund - Growth;42.0607;12-Jan-2026
```

తేదీ ఫైలు మొత్తానికి ఒకటే కాదు, వరుసకొకటి. ఒకే ఫైల్లో ఒక ఫండ్ ఇవాళ్టి తేదీతో, దాని కింది ఫండ్ నిన్నటి తేదీతో, ఎప్పుడో మూతబడిన స్కీమ్ ఏళ్ళ నాటి తేదీతో పక్కపక్కనే ఉండొచ్చు. కాబట్టి "ఫైలు కొత్తదేనా?" అనే ప్రశ్నకు విలువ లేదు. "నా ఫండ్ వరుసలో ఉన్న తేదీ, నేను ఎదురుచూస్తున్న తేదీ ఒకటేనా?" అనేదే ప్రశ్న. మళ్ళీ అడగాలా వద్దా అన్నది ఈ పోలికే తేల్చాలి. ఫైలు దిగిందా, అంకె ఉందా, అంకె మారిందా అన్నవి ఏవీ తేల్చకూడదు.

ఈ చివరిది, అంటే అంకె మారేదాకా ఆగడం, చాలామందికి తెలివైన ఉపాయంలా కనబడుతుంది. నాకు తెలిసిన ఒక ప్రోగ్రామర్ అలాగే రాశాడు. నిన్నటి విలువ కాకుండా వేరే విలువ వచ్చిందంటే కొత్తది వచ్చినట్టేగా అన్నాడు. ఈక్విటీ ఫండ్లతో నెలల తరబడి బాగానే నడిచింది. తర్వాత ఎన్ఏవీ ఎప్పుడూ ఒకే అంకె దగ్గర నిలిపి ఉంచే రకం మనీ మార్కెట్ ఫండ్ ఒకటి చేర్చాడు. ఆ ఫండ్‌లో రాబడి యూనిట్ల రూపంలోనో డివిడెండ్ రూపంలోనో వస్తుంది కానీ ఎన్ఏవీ కదలదు. అతని ప్రోగ్రామ్ కొత్త అంకె కోసం తెల్లారేదాకా తలుపు కొడుతూనే ఉంది. దీనికి తిరగేసిన ప్రమాదం కూడా ఉంది. నిన్నటి ఎన్ఏవీలో పొరపాటు దొర్లి ఫండ్ వాళ్ళు దిద్దితే అంకె మారుతుంది, తేదీ మారదు. అప్పుడు దిద్దిన నిన్నటి అంకెను ఈ ఉపాయం ఇవాళ్టిదిగా రాసుకుంటుంది.

సరే, తేదీ పోల్చాలి. ఏ తేదీతో? నేను ఎక్కువ రోజులు తన్నుకులాడింది ఇక్కడే.

ఎన్ఏవీ ఎందుకు లేటవుతుందో తెలిస్తే ఇది సులువవుతుంది. మార్కెట్ మూసాక ఫండ్ తన దగ్గరున్న ప్రతి షేరుకూ ముగింపు ధర వేస్తుంది, బాండ్లకు విలువ కట్టిస్తుంది, చేతిలో ఉన్న నగదు, రావలసిన వడ్డీ, డివిడెండ్లు కలుపుతుంది, ఆ రోజు వాటా ఖర్చులు తీసేస్తుంది, వచ్చినదాన్ని యూనిట్లతో భాగిస్తుంది. ఎవరో ఒకరు సరిచూస్తారు, తర్వాతే బయటికి పంపుతారు. దేశీయ షేర్లు మాత్రమే ఉన్న ఫండ్ ఈ పని కొన్ని గంటల్లో ముగిస్తుంది. వేరే ఫండ్లలో పెట్టుబడి పెట్టే ఫండ్ అలా చేయలేదు. లోపలి ఫండ్ల ఎన్ఏవీలు వచ్చేదాకా దానికి లెక్క మొదలుపెట్టడమే కుదరదు. ఇక విదేశీ మార్కెట్లో పెట్టే ఫండ్ అయితే, మనకు రాత్రి అయ్యేసరికి అక్కడ మార్కెట్ ఇంకా నడుస్తూ ఉండొచ్చు. అలాంటి ఫండ్ సోమవారం ఎన్ఏవీ మంగళవారం వస్తే అది లేటు కాదు, దాని వేళే అది.

అంటే సోమవారం రాత్రి పదకొండింటికి నా ఫండ్లలో ఒక్కోదానికి సరైన తేదీ ఒక్కో రకంగా ఉంటుంది. దేశీయ ఫండ్ సోమవారం తేదీ చూపించాలి. విదేశీ ఫండ్ శుక్రవారం తేదీ చూపిస్తున్నా తప్పేమీ లేదు. అందుకని "ఇవాళ" అనే మాటను కోడ్‌లోంచి తీసేశాను. దాని బదులు ఒక బాకీల టేబుల్ పెట్టాను. ప్రతి ఫండ్‌కూ, అది ఎన్ఏవీ ప్రకటించాల్సిన ప్రతి తేదీకీ ఒక వరుస. విలువ వచ్చేదాకా ఆ వరుస బాకీ, వచ్చాక చెల్లు. ప్రోగ్రామ్ ఎప్పుడు నడిచినా ఇవాళ ఏ రోజని చూడదు, ఎవరెవరు ఏ తేదీకి బాకీ ఉన్నారని చూస్తుంది.

ఈ మార్పు వల్ల ఒకటి కలిసొచ్చింది. పాత ప్రోగ్రామ్ రాత్రంతా `sleep` వేసుకుంటూ ఒకే లూపులో బతికేది. మధ్యలో మెషీన్ రీస్టార్ట్ అయితే ఆ రోజు సంగతి అంతే. ఇప్పుడది అయిదు నిమిషాల్లో పని చూసుకుని వెళ్ళిపోతుంది. ఎదురుచూపు ప్రోగ్రామ్‌లో లేదు, టేబుల్లో ఉంది. రెండు రోజులు కరెంటు లేకపోయినా, లేచాక బాకీలు అక్కడే కనబడతాయి.

పోలికను ఇలా రాసుకున్నాను:

```python
def check(row_date, want):
    if row_date == want:
        return "save"
    if row_date < want:
        return "wait"
    return "history"
```

మూడో జవాబు దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే "వచ్చేదాకా అడుగు" అన్న పద్ధతి అన్నిటికంటే చెడ్డగా విరిగేది అక్కడే. తాజా ఎన్ఏవీల ఫైల్లో ఒక ఫండ్‌కు ఒకే వరుస ఉంటుంది. మనకు సోమవారం అంకె కావాలి. సోమవారం రాత్రి అడిగితే శుక్రవారం తేదీ ఉంది, ఆగాం. తర్వాత నెట్ పోయింది. మళ్ళీ మంగళవారం అర్ధరాత్రి అడిగేసరికి ఆ వరుస మంగళవారం తేదీకి మారిపోయింది. ఆ ఫైల్లో సోమవారం అంకె ఇక ఎప్పటికీ రాదు. ఎన్నిసార్లు అడిగినా దాటిపోయిన బస్సు కోసం స్టాపులో నిలబడ్డట్టే. అందుకే వరుసలోని తేదీ మనకు కావలసిన తేదీని దాటిందని కనబడగానే తాజా ఫైలును వదిలేసి, పాత తేదీల ఎన్ఏవీలు ఇచ్చే చోటికి వెళ్ళి ఆ ఒక్క రోజుదే అడగాలి. చాలా మూలాల్లో తాజావి ఒక చోట, చరిత్ర ఇంకో చోట ఉంటాయి. నేను రెండోదాన్ని మొదట పట్టించుకోలేదు. ఇప్పుడు నా బాకీల్లో కొన్ని అలాగే తీరుతున్నాయి.

సెలవుల గొడవ ఇంకొకటి. ఫండ్ ప్రకటించాల్సిన తేదీలు ఏవో ముందే తెలియాలంటే క్యాలెండర్ కావాలి. ఎక్స్ఛేంజ్ సెలవుల జాబితా పెట్టుకుంటే సరిపోతుందనుకున్నాను, సరిపోలేదు. విదేశీ ఫండ్‌కు అక్కడి సెలవులూ తగులుతాయి. ఇంకోవైపు, కొన్ని లిక్విడ్ ఫండ్లు వడ్డీ రోజూ పెరుగుతుంది కాబట్టి ఆదివారానికి కూడా ఎన్ఏవీ ఇస్తాయి. జాబితాకు జాబితా చేర్చుకుంటూ పోయి విసిగి, చివరికి సాటి ఫండ్లనే సాక్షులుగా పెట్టుకున్నాను. అదే రకానికి చెందిన, వేరే వేరే సంస్థలవి ఓ పది ఫండ్లు ఎంచుకుని వాటి తేదీలు కూడా చూస్తాను. మర్నాడు మధ్యాహ్నానికి ఆ పదింట్లో ఎవరూ ఆ తేదీతో అంకె ఇవ్వకపోతే అది సెలవు, బాకీ కొట్టేయొచ్చు. తొమ్మిది ఇచ్చి నాది ఒక్కటే ఇవ్వకపోతే అది నిజంగా లేటు. క్యాలెండర్ ఇప్పటికీ ఉంది కానీ ఆఖరి మాట సాక్షులదే. హఠాత్తుగా ప్రకటించే సెలవులు క్యాలెండర్‌కు తెలియవు, వీళ్ళకు తెలుస్తాయి.

ఇక ఎంతసేపటికోసారి అడగాలి? మళ్ళీ ప్రయత్నించడం అనగానే ప్రోగ్రామర్ల చేయి ఒకే చోటికి పోతుంది: ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ ప్రతిసారీ రెట్టింపు ఆగడం. సర్వర్ ఊపిరాడక పడిపోయినప్పుడు అది సరైన మర్యాదే. మనం తగ్గితే దానికి తేరుకునే వీలుంటుంది. ఎన్ఏవీ రాకపోవడం అలాంటిది కాదు. సర్వర్ శుభ్రంగా ఉంది, లెక్క ఇంకా పూర్తి కాలేదు, అంతే. మనం ఎంత ఆగామన్నదానికీ అది ఎప్పుడు పూర్తవుతుందన్నదానికీ సంబంధమే లేదు. రెట్టింపు పద్ధతి పెడితే మొదటి అరగంటలో పనికిరాని అడుగుళ్ళు బోలెడు పడతాయి. అసలు అంకె వచ్చే వేళకు మనం గంటల తరబడి నిద్రలో ఉంటాం.

అందుకే రెండు రకాల ఓపికను విడదీశాను. నెట్ తెగినా, సర్వర్ ఇప్పుడు వీలుకాదని 503 అన్నా రెట్టింపు ఆగుతూ నాలుగైదు సార్లు ప్రయత్నిస్తుంది, అదంతా రెండు నిమిషాల వ్యవహారం. ఫైలు సరిగ్గా దిగి, తేదీ మాత్రం పాతదైతే అప్పుడే మళ్ళీ అడగదు. బాకీ అలాగే ఉంచి బయటికొచ్చేస్తుంది, తర్వాతి వేళకు మళ్ళీ లేస్తుంది.

ఆ వేళలు ఎక్కడివంటే, ప్రతి ఫండ్‌కూ కొత్త తేదీ మొదటిసారి ఎప్పుడు కనబడిందో రెండు నెలలు రాసుకున్నాను. ఆ రెండు నెలలూ అరగంటకోసారి అడిగిన మాట నిజమే, కొలవాలంటే తప్పదు. ఫలితం చూస్తే నా దేశీయ ఫండ్లు ఎక్కువ రోజుల్లో రాత్రి తొమ్మిదిన్నర, పదకొండు మధ్య వచ్చాయి, కొద్ది రోజులు మాత్రం మర్నాటి ఉదయానికి జారాయి. విదేశీది ఒక్కటి మర్నాడు పొద్దున పది దాటాకే. ఇవి నా ఫండ్ల అంకెలు, మీవి మీరు కొలుచుకోవాల్సిందే. ఇప్పుడు నా ప్రోగ్రామ్ రాత్రి 10:07కు, 11:37కు, ఉదయం 7:13కు, 10:43కు, మధ్యాహ్నం 1:07కు లేస్తుంది. రోజుకు అయిదు సార్లు, అదీ బాకీ ఉంటేనే. ఆ వింత నిమిషాలు కావాలని పెట్టినవే. గంట కొట్టగానే ఉచిత ఫైలు మీద పడే ప్రోగ్రాములు ఎన్ని ఉంటాయో ఊహించుకోండి.

"అరగంటకోసారి అడిగితే పోయేదేముంది?" అని పైన చెప్పిన ప్రోగ్రామరే అడిగాడు. పది ఫండ్ల కోసం వేల వరుసల ఫైలును రోజుకు నలభై ఎనిమిది సార్లు దించుకోవడం నాకు మొహమాటంగా ఉంటుంది. అది మనకోసం ఎవరో పైకం తీసుకోకుండా పెట్టిన ఫైలు. పైగా ఒకరోజు వాళ్ళు మన ఐపీని ఆపేస్తే ఏ ఓపికా పనికిరాదు. మూలం ఒప్పుకుంటే `If-Modified-Since` పంపితే మంచిది, ఫైలు మారకపోతే 304 అని ఒక్క ముక్కలో జవాబు వస్తుంది. అయితే 200 వచ్చిందంటే ఫైలు మారిందని మాత్రమే, మన ఫండ్ వరుస మారిందని కాదు. తేదీ పోలిక అప్పుడూ చేయాల్సిందే.

దాచుకోవడంలో ఒకే నియమం పెట్టుకున్నాను: ఫండ్, తేదీ కలిపితే ఒక గది. మధ్యలో ఫైలు ప్రతిని దాచుకుని ఇచ్చే క్యాష్ సర్వర్ల వల్ల ఒక్కోసారి పదకొండింటికి కొత్త ఫైలు వచ్చి, ఉదయం ఏడింటికి మళ్ళీ పాత ఫైలు రావడం నేను చూశాను. విలువను దాని సొంత తేదీ గదిలోనే పెడుతున్నంత కాలం ఇది ఏ హానీ చేయదు, పాత అంకె పోయి పాత గదిలోనే పడుతుంది. చివరి అయిదు రోజుల అంకెలను వచ్చిన ప్రతిసారీ సరిపోల్చి, ఎక్కడైనా తేడా ఉంటే పాతది చెరపకుండా కొత్తది పక్కన రాస్తాను. దిద్దుబాట్లు అలా దొరుకుతాయి. విలువ ఉండాల్సిన చోట `N.A.` ఉంటే అది విలువే కాదు, బాకీ కొనసాగుతుంది. దాన్ని సున్నాగా మార్చే లైబ్రరీల గురించి ఎక్కువ మాట్లాడను, ఒక రాత్రి నా ఆస్తిలో మూడో వంతు మాయమైన మెయిల్ చూసుకున్నవాణ్ణి.

ఆ మెయిల్ సంగతికొస్తే, ఇప్పుడది రాత్రి తొమ్మిదికి రాదు. రాత్రి వెళ్ళేదాంట్లో "సోమవారం, 7/10 ఫండ్లు" అని ఉంటుంది, మిగతా మూడింటికి చివరి తెలిసిన ఎన్ఏవీ దాని అసలు తేదీతో సహా కనబడుతుంది. వాటిని కలిపి ఒక మొత్తం వేసి "సోమవారం విలువ" అని పిలవడం మానేశాను. పూర్తి మొత్తం మర్నాడు మధ్యాహ్నం వస్తుంది. ఇంట్లో వాళ్ళకు మొదట్లో ఇది వెనకడుగులా కనబడింది, ఇంతకుముందు రాత్రే వచ్చేదిగా అన్నారు. వచ్చేది, ముందు రోజుది.

ఎంతకాలం అడగాలి అన్నది మిగిలింది. నా బాకీల టేబుల్లో ఒక ఫండ్ పోయిన నెల పదకొండు రోజుల పాటు చెల్లకుండా ఉండిపోయింది. సాక్షులు పదిమందీ రోజూ అంకెలు ఇస్తున్నారు, ఇది మాత్రం ఒకే తేదీ దగ్గర ఆగిపోయింది. ప్రోగ్రామ్ రోజుకు అయిదు సార్లు లేచి, చూసి, పడుకుంది. చివరికి నేనే వెళ్ళి వెతికితే ఆ స్కీమ్‌ను అదే సంస్థ ఇంకో స్కీమ్‌లో కలిపేసింది. నా యూనిట్లు వేరే కోడ్ కింద, వేరే సంఖ్యలో ఉన్నాయి. పాత వరుస ఆఖరి రోజు తేదీతో ఫైల్లో అలాగే ఉండిపోయింది. ఇప్పుడు వరసగా మూడు పని దినాల బాకీ పేరుకున్న ఫండ్‌ను ప్రోగ్రామ్ అడగడం మానేసి, మెయిల్‌లో అన్నిటికంటే పైన "మనిషి చూడాలి" అని రాస్తుంది.